బాకీ మెసేజ్‌ల గురించి మన మేత అంగళ్ల వాళ్లకు

"మేం అడిగింది బాకీ మెసేజ్. డబ్బులిస్తామన్నాం. చేసియ్యకుండా ఈ ప్రశ్నలేంది, గుమాస్తాని, డ్రైవర్ని కూర్చోబెట్టడమేంది?"

ఈ నెలలో నలుగురు అడిగారు. కావలి నుంచి ముత్తుకూరు దాకా మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే రొయ్యల మేత అంగళ్ల వాళ్లందరికీ ఒకేసారి జవాబు చెప్తున్నా. అంగడికి ఎంత బాకీ ఉన్నాడో రైతు ఫోనుకు రోజూ పోయే ఈ మెసేజ్ కొత్తగా ఎవరికీ పెట్టం. ఇప్పటికే ఉన్నవాళ్లకు ఈ పంట అయ్యేదాకా నడుస్తుంది, దానికి అదనంగా ఏమీ తీసుకోం.

ముందు జరిగిన తప్పు. వ్యాపార మెసేజ్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, మన పేరుతో పాటు పంపే వాక్యం కూడా టెలికాం కంపెనీల దగ్గర ముందే నమోదు కావాలి. పేరు, మొత్తం లాంటి మారే చోట్లలో ఒక గుర్తు ఉంటుంది, మిగతా వాక్యం అక్షరం మారకూడదు. తెలుగు మెసేజ్‌కి 70 అక్షరాలే హద్దు, దాటితే రెండు మెసేజ్‌ల లెక్క. మాకు మెసేజ్‌లు సరఫరా చేసేవాళ్లు ఆ ఖర్చు తగ్గించుకోవాలని, మాకు ఒక్క మాట చెప్పకుండా, రైతు పేరు తర్వాత ఉన్న "గారికి" తీసేశారు. నమోదైన వాక్యంతో అది కలవలేదు. ఆపరేటర్ దగ్గరే మెసేజ్‌లన్నీ ఆగిపోయాయి. వాళ్ల తెరమీద మాత్రం `Submitted` అనే కనపడుతూ వచ్చింది. అది పంపామని మాత్రమే చెప్తుంది, రైతు ఫోనుకు చేరితే `Delivered` అని రావాలి. ఆ తేడా రోజూ చూసుకోవాల్సింది మేమే, చూసుకోలేదు. తొమ్మిది రోజులు ఒక్క మెసేజ్ కూడా పోలేదు. ఆ తొమ్మిది రోజుల డబ్బు మీ ఖాతాల్లో వెనక్కి వేశాం. ఆ సరఫరాదారుని మార్చేశాం. రైతు పేరు పక్కన "గారు" తీసేసే అధికారం వాళ్లకు ఎవరిచ్చారన్న కోపం నాకింకా తగ్గలేదు.

కానీ దానికంటే ఎక్కువ నొచ్చుకున్న సంగతి ఒకటుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క అంగడి నుంచి కూడా ఫోన్ రాలేదు. ఒక్క రైతు కూడా "నా మెసేజ్ రాలేదే" అనలేదు. బిల్లు ప్రింటర్ పది నిమిషాలు ఆగితే ఆరు ఫోన్లు వస్తాయి. ఆగినా ఎవరికీ తెలియని సౌకర్యం ఎవరి అవసరమూ తీర్చడం లేదు. అడిగారు కదా అని కట్టి ఇచ్చాం. అంగడికి ఏది ఇబ్బందిగా ఉందో అడగలేదు. ఈ తప్పు సరఫరాదారుది కాదు, మాది.

బిజినెస్ అనలిస్ట్ అనే ఉద్యోగం ఉన్నదే దీనికి. వచ్చినవాళ్లు ఇబ్బంది చెప్పరు, దానికి తమకు తోచిన మందు పేరు చెప్తారు. "మెసేజ్ కావాలి", "యాప్ కావాలి", "ఇంకో రిపోర్ట్ కావాలి" అంటారు. మందు పేరు పక్కన పెట్టి నొప్పి ఎక్కడో కనుక్కోవాలి. మా దగ్గర ఈ పని చేసే అమ్మాయి అల్లూరు వైపు ఒక అంగట్లో రెండు పూటలు కూర్చుంది. అంగడి ఆయన ఒప్పుకున్నారు కాబట్టి, పేర్లు లేకుండా అక్కడ తేలింది చెప్తున్నా.

మొదట ఆమె "ఎందుకు" అని అడగలేదు. పెద్దాయన్ని పట్టుకుని "మెసేజ్ ఎందుకండీ?" అంటే లెక్క అడిగినట్టు ఉంటుంది. "ఎందుకేందమ్మా, బాకీలు రావాలి కదా" అని అక్కడితో మాట తెగిపోతుంది. ఆమె అడిగింది వేరు. "అన్నా, పోయిన పంటలో చేయి జారిపోయిన బాకీ ఒకటి చెప్పు. ఎప్పుడు తెలిసింది నీకు? అక్కడి నుంచి వెనక్కి చెప్పుకుంటూ రా."

ఆయన బిల్లు పుస్తకం తెరిచారు. రెండెకరాల వనామీ రొయ్యల గుంట. రొయ్య పిల్లల్ని వదిలి 70 రోజులు దాటాక రోజుకు రెండు బస్తాల మేత. బస్తా 25 కిలోలు. 70వ రోజున పది బస్తాలు, 75వ రోజున పది. 80వ రోజున నాలుగే. ఆ తర్వాత బిల్లు లేదు. తెల్లమచ్చ రోగం భయంతో రైతు 86వ రోజున పట్టుబడి చేసి రొయ్యలు అమ్మేశాడు. అంగడికి తెలిసింది 91వ రోజున, డ్రైవర్ అటు పోతూ ఎండిన గుంట చూసినప్పుడు. అప్పటికే ఆ డబ్బు కౌలుకి, కరెంటుకి, రొయ్య పిల్లల బాకీకి పంచేశారు. మేత బాకీ మిగిలిపోయింది.

"ఆ రైతుకు మెసేజ్ పోతా ఉండిందా అన్నా?"

"రోజూ పోయింది."

"ఆయనకు బాకీ ఎంతో తెలియకనా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "తెలియకేం. పైసాతో సహా తెలుసు. తెలియంది నాకు, వాళ్లు పట్టేస్తున్నారని."

ఉన్న సంగతంతా ఆ మాటలో ఉంది. తెలియాల్సింది రైతుకు కాదు, అంగడికి. మనం రోజూ డబ్బు పెట్టి, తెలిసినవాడికే తెలిసిన అంకె పంపిస్తూ వచ్చాం.

రెండో పూట గుమాస్తాతో, డ్రైవర్‌తో విడివిడిగా కూర్చుంది. యజమాని ఎదురుగా ఉంటే "అంతా బాగానే ఉందమ్మా" అంటారు. గుమాస్తాను ప్రశ్నలు అడగడం కంటే ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడటంలోనే ఎక్కువ తెలిసింది. మన బిల్లు ప్రింట్ చేశాక, ఆయన ఒక పాత నోటుపుస్తకం అంచున పెన్సిల్‌తో ఏదో రాసుకుంటున్నారు. అది రొయ్య పిల్లల్ని వదిలిన తేదీ, గుంట వారీగా. మన సాఫ్ట్‌వేర్లో రైతుకు ఒకటే ఖాతా. ఆ రైతుకు మూడు గుంటలు, ఒక్కోదాంట్లో ఒక్కో వయసు పంట. మొత్తం బాకీ ఒకే అంకెగా చూపిస్తే ఏ గుంట పట్టుబడికి వచ్చిందో ఎవరికీ కనపడదు. జనం తెర వదిలేసి పక్కన కాగితం మీద ఏం రాసుకుంటున్నారో చూడాలి. అక్కడ రాసుకునేది మనం ఇవ్వనిదే. డ్రైవర్ ఇంకో మాట చెప్పాడు: "ఐసు బండి, వలలు గట్టు మీద కనపడితే నాకు తెలుస్తది. ఎవురికి చెప్పాల?" అడిగినవాళ్లు లేరు కాబట్టి ఆయన ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు అవసరాన్ని ఒక్క వాక్యంలో రాసింది: "ఏ గుంట పట్టుబడికి దగ్గరపడిందో, కనీసం నాలుగైదు రోజుల ముందు అంగడి యజమానికి తెలియాలి." ఈ వాక్యంలో మెసేజ్ లేదు, యాప్ లేదు, రిపోర్ట్ లేదు. అవసరం సరిగ్గా రాశామో లేదో మేం ఇలాగే పరీక్షిస్తాం. దాన్ని తీర్చడానికి కనీసం రెండు మూడు దారులు కనపడాలి. ఇక్కడ గోడ మీద క్యాలెండర్‌తోనైనా తీరుతుంది, తెల్లారి తెరమీద పది వరుసల జాబితాతోనైనా తీరుతుంది. ఒకే దారి కనపడుతుంటే మనం ఇంకా మందు పేరే రాస్తున్నట్టు. తర్వాత ఆ వాక్యాన్ని అంగడి ఆయనకు చదివి వినిపించి, "ఇది తెలిస్తే ఆ రోజు పది గంటలకు ఏం చేస్తావన్నా?" అని అడిగింది. "బండేసుకుని గట్టు మీదికి పోతా, కొనేవాడి ముందే మాట్లాడుకుంటా" అన్నారు. తెలిశాక చేసే పని ఒకటి ఉందన్నమాట. అదే ప్రశ్న రోజువారీ మెసేజ్ గురించి అడిగి ఉంటే జవాబు దొరికేది కాదు.

కట్టేముందు పాత బిల్లుల మీద పరీక్షించాం. నియమం చిన్నది: గుంట వయసు 75 రోజులు దాటి, తీసుకున్న మేత అంతకుముందు దానిలో సగానికి తగ్గితే ఆ గుంట జాబితాలోకి వస్తుంది. ఆ అంగడి పోయిన పంటలో 18 గుంటల బిల్లులు తీశాం. జాబితాలోకి 23 సార్లు వచ్చాయి. వాటిలో 14 నిజంగా పట్టుబడికి ముందే పట్టుకున్నవి. తొమ్మిది అబద్ధం. కొన్ని మబ్బు పట్టి వానలు పడిన వారంలోవి, కొన్ని అమావాస్యకు, పౌర్ణమికి రొయ్య కుబుసం విడిచే రోజుల్లోవి. ఆ రోజుల్లో మేత తగ్గించడం మామూలే. నాలుగు గుంటలు జాబితాకి అందకుండా పోయాయి, వాళ్లు ముందే ఇరవై ముప్పై బస్తాలు తెచ్చి పెట్టుకున్నవాళ్లు. అందుకే బస్తాలను రోజు వాడకంతో భాగించి, ఎన్ని రోజులకు సరిపోతాయో చూడాలని ఇంకో నియమం చేర్చాం. ఇంత చేసినా జాబితా "పట్టేస్తున్నారు" అని చెప్పదు, "ఫోన్ చేసి కనుక్కో" అని మాత్రమే చెప్తుంది. రైతు మేత ఇంకో అంగట్లో తీసుకుంటున్నా ఇలాగే కనపడుతుంది. ఆ సంగతీ మీకు తెలియాల్సిందేలే.

ప్రతి కోరికనూ ఇలా తవ్వుతామని భయపడొద్దు. జీఎస్టీ బిల్లులో ఏ వివరం ఎక్కడ ఉండాలన్నది, మీ ఆడిటర్ టాలీలోనే కావాలనడం, ఇవి అడిగింది అడిగినట్టే చేస్తాం. బయటివాళ్లు పెట్టిన షరతు అయితే కాగితం చూపించగలరు. చూపించలేనివి, "పక్కూరి అంగట్లో ఉందంట" అని వచ్చినవి, వాటి గురించే కూర్చుంటాం.

మెసేజ్ పెట్టేసి డబ్బులు తీసుకోవడం మాకు సులువు. రెండు వారాలు దీని గురించే నిద్ర పట్టలేదు. ఇద్దరు పాత ఖాతాదారులు వేరే వాళ్ల దగ్గరికి పోతామన్నారు. పోయినా సరే, ఉపయోగం లేదని తెలిసిన దానికి నెలనెలా డబ్బు తీసుకోలేను. ఈ రెండు పూటల కూర్చోవడానికి పాత అంగళ్ల దగ్గర రూపాయి తీసుకోం.

సోమవారం నుంచి వరుసగా వస్తాం, ముందు విడవలూరు వైపు. పోయిన పంట బిల్లు పుస్తకాలు బయట పెట్టండి. గుమాస్తాగారి పెన్సిల్ నోటుపుస్తకం కూడా ఉంచండి, అది మాసిపోయి ఉన్నా ఫర్వాలేదు. డ్రైవర్‌ను పొద్దున్న మొదటి లోడుకు పంపేముందు అరగంట ఆపండి.