మీ పెనంతో ఇచ్చిన చపాతీ సూచనల మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగానికి,

విషయం: ఇనుప పెనం డబ్బాలో పెట్టిన సూచనల కాగితాన్ని సరిదిద్దడం గురించి.

అయ్యా,

మూడు వారాల క్రితం మీ ఇనుప పెనం కొన్నాను. పెనంలో లోపం లేదు. మందంగా ఉంది, వేడి అంతటా సమంగా పాకుతుంది. నా ఫిర్యాదంతా దాంతో వచ్చిన కాగితం మీదే. పిండి కలిపిన వెంటనే ఒత్తి, సన్నని మంట మీద ఒక్కో వైపు రెండు నిమిషాలు కాలిస్తే చపాతీ పొంగుతుందని అందులో రాశారు. అచ్చం అలాగే పది చపాతీలు చేశాను. ఒక్కటీ పొంగలేదు. చల్లారేసరికి అప్పడాల్లా బిగిశాయి, తుంచితే విరిగాయి. మీకు ఫోన్ చేస్తే, "పిండి మార్చి చూడండి మేడమ్" అన్నారు. అదే పిండితో మా ఇంట్లో రోజూ చపాతీలు చేస్తాను కాబట్టి తప్పు పిండిది కాదని నాకు తెలుసు.

చపాతీని పొంగించేది లోపల పుట్టే ఆవిరి. పిండిలోని నీరు ఒక్కసారిగా ఆవిరైతేనే పై పొర, కింది పొర విడిపోతాయి. సిమ్‌లో రెండు నిమిషాలు ఉంచితే ఆ నీరు మెల్లగా బయటికి పోతుంది. ఈలోగా పైపొర ఎండి బిరుసెక్కుతుంది. తర్వాత మంట ఎంత పెంచినా పొంగడానికి లోపల తడి ఉండదు, సాగడానికి పొరలో మెత్తదనం ఉండదు. నా పది చపాతీలకు జరిగింది ఇదే.

మర్నాడు అదే పిండి, అదే పెనంతో నా పద్ధతిలో చేశాను. 200 గ్రాముల గోధుమ పిండిలో దాదాపు 125 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మెత్తగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెట్టాను. ఈ నానబెట్టడాన్ని మీరు పూర్తిగా వదిలేశారు. కలిపిన వెంటనే ఒత్తితే పిండి రబ్బరులా వెనక్కి లాగుతుంది. దాన్ని బలవంతంగా ఒత్తితే ఒకచోట పలచన, ఒకచోట మందం అవుతుంది. అరగంట నానితే పొట్టు కూడా నీరు పీల్చుకుంటుంది, ఉండ వేలితో నొక్కగానే దిగుతుంది, కర్ర కింద ఎటు జరిపితే అటు సాగుతుంది.

పెనాన్ని మధ్యస్థం కన్నా కాస్త ఎక్కువ మంట మీద వేడి చేశాను. చిటికెడు పొడిపిండి చల్లితే నెమ్మదిగా రంగు మారాలి. వేసీ వేయగానే నల్లబడి పొగ వస్తే వేడి ఎక్కువైనట్టు, ఎంతసేపైనా తెల్లగానే ఉంటే చాలనట్టు. చూశాక ఆ పిండిని గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే మాడి చపాతీకి అంటుకుంటుంది.

మొదటి వైపు 20 నుంచి 25 సెకన్లే ఉంచాను. పైన రంగు కాస్త ముదిరి, చిన్న చిన్న బుడగలు లేవగానే తిప్పేశాను. ఈ వైపు ఎక్కువ కాలకూడదు, అసలు కిటుకు ఇక్కడే ఉంది. రెండో వైపు 40 సెకన్ల దాకా, అడుగున గోధుమ రంగు మచ్చలు వచ్చేవరకు కాలనిచ్చాను. మళ్లీ తిప్పి, మడిచిన గుడ్డతో అంచుల వెంట మెల్లగా నొక్కితే, ఒక మూల లేచిన బుడగ పక్కకు పాకుతూ పోయి చపాతీ అంతా బంతిలా లేచింది. మొత్తం నిమిషంన్నర కూడా పట్టలేదు.

పదిలో ఎనిమిది పొంగాయి. పొంగని రెండింటినీ విప్పి చూశాను. ఒకదానికి ఒత్తేటప్పుడు మడత పడి సన్నని చీలిక వచ్చింది, ఆవిరి అందులోంచి సుయ్‌మంటూ పోవడం వినపడింది కూడా. రెండో దాని అంచు పలచబడి, నడుమ మందంగా మిగిలింది. ఆ రెండూ నా చేతి తప్పులే, వాటిని పెనం మీదా పిండి మీదా వేయను.

ఈ సెకన్లు అందరి పొయ్యికీ ఒకేలా ఉండవు. పెనం మందాన్ని బట్టి, మంటను బట్టి మారతాయి. మొదటి చపాతీకీ ఐదో చపాతీకీ కూడా తేడా ఉంటుంది, ఎందుకంటే అప్పటికి పెనం ఇంకా వేడెక్కుతుంది, మంట కాస్త తగ్గించుకోవాలి. అందుకే మీ కాగితంలో నిమిషాల లెక్క కన్నా గుర్తులు రాయడం మేలు: బుడగలు లేవగానే మొదటిసారి తిప్పాలి, మచ్చలు రాగానే రెండోసారి తిప్పాలి.

పెనం వాపసు తీసుకోమనీ డబ్బు ఇవ్వమనీ అడగడం లేదు. కొత్తగా వంట నేర్చుకునేవాళ్లు ఆ కాగితాన్ని నమ్మి, తమకే చేతకాదనుకుని బాధపడతారు. దయచేసి ఆ సూచనలు మార్చి అచ్చు వేయించండి, అందాకా ఫోన్‌లో అడిగేవాళ్లకు "పిండి మార్చండి" అనకుండా ముందు పిండి ఎంతసేపు నానిందో, మంట ఎంత పెట్టారో అడగమని మీ సిబ్బందికి చెప్పండి. ఏం చేశారో నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ పెనం వాడుతున్న గృహిణి