ఎస్ అంటే ఏ ఊరు?

మ్యూనిక్
ఆదివారం

పూజ్యులైన బాబాయ్‌గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ ఫోనులో చెప్పింది, సంతోషం. ఫోనులో చెప్పలేని సంగతి ఒకటి మిగిలిపోయింది, అందుకే ఉత్తరం.

చిన్నప్పుడు ఏలూరు హైవే పక్కన టీ కొట్టు దగ్గర నన్ను కూర్చోబెట్టి లారీల నంబర్లు చదివించేవారు కదా. ఏపీ 37 అంటే మనది, 16 కృష్ణా, 7 గుంటూరు, 5 తూర్పు గోదావరి, 31 విశాఖ. తప్పు చెబితే బిస్కెట్ కట్. ఆ జబ్బు నన్ను ఇంకా వదల్లేదు. ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే ప్లేట్ల మీద అక్షరాలు చదవడం మొదలుపెట్టాను, మొదటి వారంలోనే తప్పులో కాలేశాను.

ఆఫీసుకు వెళ్ళే దారిలో ఒక కారు ప్లేటు ‘బి’తో మొదలైంది. బెల్జియం నుంచి ఇంత దూరం వచ్చాడే అనుకున్నాను. మర్నాడు ‘ఎఫ్’తో ఒకటి కనబడింది, ఫ్రాన్స్ వాడనుకున్నాను. మా ఇంటి ఓనరుతో గొప్పగా చెబితే ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. బి బెర్లిన్, ఎఫ్ ఫ్రాంక్‌ఫర్ట్. జర్మనీలో ప్లేటు మీద మొదటి అక్షరాలు జిల్లావో నగరానివో, మన పాత 37 లాగా. పెద్ద ఊరికి తరచూ ఒక్క అక్షరమే దక్కుతుంది: మ్యూనిక్‌కు ఎం, కొలోన్‌కు కె. పక్కనే ఉన్న డాహావ్ లాంటి చిన్నదానికి డి.ఎ.హెచ్ అని మూడు. మరి దేశం ఎక్కడ ఉంటుంది అంటే, ప్లేటు ఎడమ అంచున నిలువుగా నీలి పట్టీ, దానిలో పన్నెండు నక్షత్రాలు, వాటి కింద తెల్లగా చిన్న డి. ఆ డి డాయిష్‌లాండ్. నీలి పట్టీ దాటాక తెలుపు మీద నల్లగా డి కనిపిస్తే మాత్రం అది డుసెల్‌డోర్ఫ్ నగరం. ఒకే ప్లేటు మీద రెండు డీలు, రెండింటికీ చుట్టరికం లేదు.

ఇక స్టిక్కరు సంగతి. ఓనరుగారి కారు ముప్పై ఏళ్ళ పైబడినది, అద్దంలా ఉంచుకుంటాడు. దాని ప్లేటుకు నీలి పట్టీ లేదు. 2000 నవంబరు నుంచి కొత్తగా ఇచ్చే ప్లేట్లకు పట్టీ తప్పనిసరి చేశారు గానీ, అంతకు ముందువి చెల్లుతూనే ఉన్నాయి. సొంత దేశంలో తిరిగినంత కాలం ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. పోయిన శనివారం మమ్మల్ని సాల్జ్‌బర్గ్ తీసుకువెళ్తానన్నాడు. అది ఆస్ట్రియాలో ఉంది, ఇక్కడి నుంచి రెండు గంటల లోపు ప్రయాణం. బయల్దేరే ముందు జేబులోంచి రుమాలు తీసి డిక్కీ తలుపును ఒక మూల శుభ్రంగా తుడిచి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న తెల్ల బిళ్ళ ఒకటి అంటించాడు. మధ్యలో నల్లగా పెద్ద డి. నేను జానతో కొలిచి చూస్తుంటే ఆయనే చెప్పాడు, ఒకటి రెండు అక్షరాల బిళ్ళకు 17.5 సెంటీమీటర్ల వెడల్పు, 11.5 ఎత్తు చాలునని. మూడక్షరాలైతే 24, 14.5 ఉండాలి. అక్షరం మాత్రం కనీసం 8 సెంటీమీటర్ల ఎత్తు. ఇవి కొట్టువాడి కొలతలు కావు, దేశాల మధ్య రోడ్డు రవాణా ఒప్పందాల్లో రాసుకున్నవి. అయస్కాంతం బిళ్ళ కొనుక్కుంటే తీసి పెట్టడం తేలిక కదా అన్నాను. ఒకసారి అలాంటిది కడిగే చోట ఊడిపోయిందట, సరిహద్దు అవతల ఆ రోజే పోలీసులు ఆపి జరిమానా రాశారట. అప్పటి నుంచి జిగురుదే వాడతాడు.

సాల్జ్‌బర్గ్‌లో కారు నిలిపిన చోట మళ్ళీ నా పరువు పోయింది. పక్క కారు ప్లేటు ‘ఎస్’తో మొదలైంది. ఈసారి పాఠం వచ్చిందన్న ధీమాతో “స్టుట్‌గార్ట్” అన్నాను. ఓనరు వేలితో నీలి పట్టీ చూపించాడు. అందులో డి కాదు, ఎ ఉంది. ఆస్ట్రియా. ప్లేటుకు పైనా కిందా సన్నని ఎర్ర గీతలు, ఎస్ తరువాత రాష్ట్రం చిహ్నం. ఆ ఎస్ అంటే మేము నిలబడిన సాల్జ్‌బర్గే! దానికి నాలుగు కార్ల అవతల మరొకటి ఉంది, దాని నీలి పట్టీలోనే ఎస్. అది స్వీడన్. అక్కడి ప్లేటు మీద మూడక్షరాలు ఉన్నాయి గానీ అవి ఏ ఊరినీ చెప్పవట. ఒక ఎస్‌కు మూడు అర్థాలు, మూడూ ఒకే పార్కింగులో. మీరు పక్కన ఉంటే నాకు బిస్కెట్ కాదు, ప్యాకెట్టే కట్ అయ్యేది.

తిరిగి వచ్చేటప్పుడు ముందున్న కారుకు సి.హెచ్ అన్న బిళ్ళ కనిపించింది. ప్లేటు మీద జడ్.హెచ్ ఉంది. జడ్.హెచ్ జ్యూరిక్ ప్రాంతమని ఊహించగలిగాను, సి.హెచ్ దగ్గర ఆగిపోయాను. అది స్విట్జర్లాండే. ఆ దేశానికి నాలుగు భాషలు, ఏ ఒక్క భాష పేరు పెట్టినా మిగతావాళ్ళకు కోపం. అందుకని లాటిన్‌లో కన్ఫెడరేషియో హెల్వెటికా అని పెట్టుకున్నారు. వాళ్ళు యూరోపియన్ యూనియన్‌లో లేరు, ప్లేటుకు నీలి పట్టీ ఉండదు, కాబట్టి పొలిమేర దాటితే బిళ్ళ పెట్టాల్సిందే. లండన్‌లో ఉన్న మన రవి సంగతి ఇంకా చిక్కు. 2021 సెప్టెంబరు 28న వాళ్ళ దేశం గుర్తు జి.బి నుంచి యు.కె.గా మారింది. పాత బిళ్ళ పీకి కొత్తది అంటించుకోవాల్సి వచ్చింది. ప్లేటు మీద ఏమున్నా సరే, స్పెయిన్‌కు తీసుకువెళ్తే వెనక యు.కె బిళ్ళ వేరే ఉండాలట.

ఊరి అక్షరాలకు ఇక్కడా మన ఏపీ 39 గతే పట్టినట్టుంది. మన దగ్గర 2019లో జిల్లాల నంబర్లు పోయి రాష్ట్రమంతా ఒకటే అయింది కదా. ఇక్కడ జిల్లా అక్షరాలు పోలేదు గానీ, 2015 నుంచి ఇల్లు మారినా పాత ప్లేటే ఉంచుకోవచ్చు. మా వీధిలో హాంబర్గ్ ప్లేటుతో తిరిగే అమ్మాయి మ్యూనిక్‌లో స్థిరపడి ఏళ్ళయింది. ప్లేటు చూసి ఊరు అడిగితే విసుక్కుంటుంది.

నేను ఒక కారు కొన్నాను, సెకండ్‌హ్యాండ్. దాని ప్లేటుకు నీలి పట్టీ ఉంది కాబట్టి ఈ చుట్టుపక్కల దేశాలకు బిళ్ళ అక్కర్లేదు. అయినా ముచ్చటపడి ఐ.ఎన్.డి అని మన దేశం బిళ్ళ తెప్పించాను. మీ కారు కొత్త ప్లేటు ఎడమ పక్క నీలి అక్షరాలతో చిన్నగా ఉంటుంది చూడండి, అదే గుర్తు. అంటించబోతుంటే ఓనరు చెయ్యి పట్టుకున్నాడు. బిళ్ళ చెప్పవలసింది బండి ఏ దేశంలో రిజిస్టర్ అయిందో, నడిపేవాడు ఎక్కడ పుట్టాడో కాదన్నాడు. నా బండి జర్మనీది, దానికి ఐ.ఎన్.డి అంటిస్తే పోలీసులకు అబద్ధం చెప్పినట్టే.

ఆ బిళ్ళ ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. చిన్నాడు సైకిలుకు అంటించుకుంటానంటే ఇవ్వండి. పిన్నికి నమస్కారాలు చెప్పండి.

మీ
శ్రీను