2024–25 వార్షిక నివేదిక: మన అపార్ట్‌మెంట్‌పై మనమే రాసుకున్న సమీక్ష

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు. సంఘం ఆశయాలూ నిబంధనలూ మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. గత సెప్టెంబరు సమావేశంలో మీరు చేసిన తీర్మానం ప్రకారం, ఈ ఏడాది మన ఓపికలో ఎక్కువ భాగం ఒకే పనికి ఖర్చయింది. బిల్డరు పక్క స్థలంలో రెండో దశ అమ్మకాలు మొదలుపెట్టి, కొనడానికి వచ్చేవారికి మన 164 ఫ్లాట్లనే నమూనాగా చూపిస్తున్నందున, ఇక్కడ నివసిస్తున్నవారి వైపు నుంచి ఒక సమీక్ష రాసి ఇవ్వాలని మనం అనుకున్నాం. అది ఇప్పుడు 3 పేజీల పత్రంగా సిద్ధమై, ప్రతి బ్లాకు నోటీసు బోర్డులోనూ ఉంది. దాన్ని ఎలా రాశామో, ఏం రాయకుండా వదిలేశామో, ఏ పని మిగిలిపోయిందో ఈ నివేదికలో చెబుతున్నాను.

మొదటి ముసాయిదాలో ‘మోసం’ అనే మాట 9 చోట్ల ఉంది. సభ్యుల ఆవేదన కార్యదర్శిగా నాకు తెలియనిది కాదు, ఆ తొమ్మిదింటిలో రెండు నేను రాసినవే. కానీ పత్రాన్ని చూసిపెట్టిన న్యాయవాది గారు ఒకే ప్రశ్న వేశారు: ఈ వాక్యానికి కాగితం ఉందా, తేదీ వేసిన ఫొటో ఉందా? లేనివన్నీ తీసేశాం. పునాదుల్లో సిమెంటు తక్కువ కలిపారన్న మాట చాలాకాలంగా వినిపిస్తున్నా, ఎవరూ పరీక్ష చేయించలేదు కాబట్టి అది సమీక్షలో లేదు.

ఆలస్యం ఎన్ని నెలలు?

ఈ ప్రశ్నకు ఒక్క రోజులో జవాబు వస్తుందనుకున్నాం, మూడు వారాలు పట్టింది. విక్రయ ఒప్పందంలో అప్పగింత తేదీ 2021 డిసెంబరు 31. దానిపై 6 నెలల వెసులుబాటు ఉందని అదే ఒప్పందంలో ఉంది కనుక గడువు 2022 జూన్ 30కి వెళ్తుంది. కరోనా కారణంగా 2020లో, స్థిరాస్తి నియంత్రణ చట్టమైన రెరా కింద నమోదైన ప్రాజెక్టులకు ఇచ్చిన 6 నెలల పొడిగింపును కూడా లెక్కలోకి తీసుకుంటే 2022 డిసెంబరు 31 అవుతుంది. ఇక ముగింపు వైపు కూడా రెండు తేదీలున్నాయి. బిల్డరు ఇంటీరియర్ పనుల కోసమంటూ తాళాలిచ్చి, స్వాధీన పత్రంపై సంతకం తీసుకున్నది 2023 ఆగస్టు ఆఖరున. భవనంలో నివసించవచ్చని అధికారులిచ్చే అనుమతి పత్రం, అంటే ఓసీ, వచ్చింది 2024 ఫిబ్రవరి ఆఖరున.

ఏ తేదీ నుంచి ఏ తేదీకి లెక్క కడతామన్న దాన్నిబట్టి ఆలస్యం 8 నెలలూ కావచ్చు, 26 నెలలూ కావచ్చు. బిల్డరు చెప్పేది 8. సభ్యుల్లో చాలామంది రాయమన్నది 26. సమీక్షలో మేం 20 నెలలు అని రాసి, కరోనా వెసులుబాటును ఒప్పుకుంటే 14 అని పక్క వాక్యంలోనే చెప్పాం. ఒప్పందంలోని వెసులుబాటుకు మనం సంతకం పెట్టాం కాబట్టి దాన్ని కాదనలేం. ఓసీ లేని భవనం తాళాలను మాత్రం అప్పగింతగా ఒప్పుకోలేదు. రెరా వెబ్‌సైట్లో బిల్డరు తర్వాత నమోదు చేసుకున్న కొత్త గడువును కూడా లెక్కలోకి తీసుకోలేదు. ఆలస్యాన్ని ఒప్పందంలోని తేదీ నుంచే లెక్కించాలి గాని రెరా నమోదు గడువు నుంచి కాదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టంగా చెప్పింది.

పరిహారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆలస్యమైతే చదరపు అడుగుకు నెలకు 5 రూపాయలు ఇస్తామని మన ఒప్పందంలో ఉంది. 1,450 అడుగుల ఫ్లాటుకు అది నెలకు 7,250 రూపాయలు. రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారమైతే, ఫ్లాటు వద్దనుకోకుండా ఉండిపోయిన కొనుగోలుదారుకు ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ రావాలి. మన రాష్ట్ర నియమాల్లో ఆ రేటు స్టేట్ బ్యాంకు తన రుణాలకు ఆధారంగా పెట్టుకునే ఎంసీఎల్ఆర్ అనే వడ్డీ రేట్లలో అత్యధికమైనదానికి 2 శాతం కలిపినంత. 60 లక్షలు కట్టిన సభ్యునికి 10 శాతమే వేసుకున్నా నెలకు 50,000 రూపాయలు. ఈ తేడా తెలియక 31 మంది సభ్యులు ఇంతకుముందే 7,250 లెక్కన చెక్కు తీసుకుని, ఇక ఏ బాకీ లేదని రాసిచ్చారు. వారి విషయంలో ఏం చేయగలమో న్యాయవాది గారు పరిశీలిస్తున్నారు. సమీక్ష చదివే కొత్తవారికి మాత్రం ఆ కాగితంపై తొందరపడి సంతకం పెట్టవద్దని పెద్ద అక్షరాల్లో రాశాం.

ఏప్రిల్ పరీక్ష

ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోదగిన పని ఒకటుంది. సి బ్లాకులో కింది ఇళ్ల పైకప్పులు తడుస్తున్నాయన్న ఫిర్యాదులకు బిల్డరు మనుషులు ప్రతిసారీ ఒకటే వైద్యం చేసేవారు. పై ఇంటి బాత్రూం టైల్స్ సందుల్లో వైట్ సిమెంటు పూసి వెళ్లేవారు. రెండు నెలలు మరక ఆగేది, తర్వాత అదే చోట మళ్లీ కనిపించేది. లోపం ఎక్కడుందో తేల్చకుండా ‘నాణ్యత లేదు’ అని రాస్తే ఎవరూ లక్ష్యపెట్టరని, సి బ్లాకులోనే ఉండే విశ్రాంత ఇంజినీరు గారు నీరు నిలబెట్టే పరీక్ష చేద్దామన్నారు.

ఏప్రిల్ 25 శుక్రవారం సాయంత్రం 11 బాత్రూముల్లో నీరు బయటికి పోయే నహానీ ట్రాప్‌లను మూసి బిగించి, రెండంగుళాల లోతున నీరు నింపి, గోడపై పెన్సిలుతో గీత గీశాం. ఆ ఇళ్లవారు 48 గంటలు రెండో బాత్రూంతోనే సర్దుకున్నారు. అంతకుముందు వారం రోజులు ఆ గదులను వాడకుండా ఎండబెట్టి, కింది పైకప్పుల ఫొటోలు తీసిపెట్టుకున్నాం. ఈ ఎండబెట్టడమే అసలు కిటుకు. గది వాడకపోయినా కింద తడి ఆగకపోతే లోపం నీటి సరఫరా పైపుల్లో ఉన్నట్టు. ఎండిన పైకప్పు నీళ్లు నిలబెట్టాక మళ్లీ తడిస్తే లోపం టైల్స్ కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్‌లో ఉన్నట్టు. ఆదివారం సాయంత్రం బిల్డరు తరఫు సైట్ ఇంజినీరు ఎదుటే గీతలు చూశాం. 7 చోట్ల నీరు తగ్గి, కింద నహానీ ట్రాప్ చుట్టూ తడి వలయం కనిపించింది. 3 చోట్ల నీళ్లు నింపకముందే తడి ఉంది, అవి పైపు అతుకులు. మిగిలిన ఒకటి మన సభ్యుడే గీజరు మార్చుకుంటూ డ్రిల్లింగు చేయించినప్పుడు పైపుకు పడిన కన్నం. ఆ పదకొండోదాన్ని సమీక్షలో రాయవద్దని కొందరు కోరారు. రాశాం. మిగతా పదింటినీ ఆ సైట్ ఇంజినీరు మారుమాట లేకుండా సంతకం పెట్టి ఒప్పుకోవడానికి అదొక కారణమని నేను అనుకుంటున్నాను.

స్వాధీనం నాటి నుంచి 5 ఏళ్ల లోపు బయటపడి, మనం తెలియజేసిన నిర్మాణ, పనితనపు లోపాలను 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. ఆ సంతకం చూపించి నోటీసు ఇచ్చాం. ఏడింటిలో 4 బాత్రూములను టైల్స్ తీయించి, అడుగునుంచి కొత్తగా చేశారు. 3 మిగిలాయి. 30 రోజుల గడువు జూన్‌లోనే దాటింది.

ఆ మూడు రోజులూ బకెట్లు మోసిన పంపు ఆపరేటరుకు, వాచ్‌మన్ కుటుంబానికి, బాత్రూములు ఇచ్చిన 11 ఇళ్లవారికి, ఒప్పందాలూ రసీదులూ తేదీల వారీగా ఫైళ్లలో పెట్టిన ఎ బ్లాకు విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని గారికి, అందరికీ ఉప్మా, టీ పంపిన బి బ్లాకు మహిళా సభ్యులకు సంఘం కృతజ్ఞతలు. స్వచ్ఛందంగా వస్తామని వాట్సాప్ గ్రూపులో చేయెత్తిన 22 మందిలో ఆ రోజు వచ్చింది 6 గురు. మిగతా 16 మంది మరునాడు ఫొటోలకు చప్పట్ల బొమ్మలు పెట్టారు, అందుకు కూడా ధన్యవాదాలు.

నిర్వహణ హామీలు

తాళాల రోజున ప్రతి ఫ్లాటు నుంచి చదరపు అడుగుకు నెలకు 3 రూపాయల చొప్పున 24 నెలల నిర్వహణ రుసుము, 50 రూపాయల చొప్పున కార్పస్ నిధి ముందుగానే వసూలు చేశారు. పన్ను కాకుండా ఒక్కో ఫ్లాటుకు ఇవి 1,04,400, 72,500 రూపాయలు. ‘రెండేళ్లు మీకు చింత లేదు’ అన్నది అమ్మకపు కరపత్రంలోని మాట, ఆ కరపత్రం మన ఫైల్లో భద్రంగా ఉంది.

పైన చెప్పిన తేదీల గొడవ ఇక్కడ మళ్లీ తలెత్తుతుంది. ఓసీ పొంది అప్పగించిన నాటి నుంచి 24 నెలలని ఒప్పందంలో ఉన్నా, బిల్డరు 2023 ఆగస్టు నుంచే లెక్కగట్టి గత నెలతో డబ్బు అయిపోయిందని ఉత్తరం పంపారు. మన లెక్కలో 2026 ఫిబ్రవరి దాకా ఉంది. ఆ 6 నెలలకు ఫ్లాటుకు 26,100 రూపాయల తేడా. పైగా క్లబ్‌హౌస్ తెరిచింది, మురుగునీటి శుద్ధి ప్లాంటు పూర్తిగా నడిచింది ఓసీ తర్వాతే. అప్పటిదాకా వచ్చిన ట్యాంకర్ల ఖర్చు కూడా మన ఖాతాలోనే రాశారు. అమ్ముడుపోని 18 ఫ్లాట్లకు బిల్డరు తన వంతు రుసుము ఒక్క నెలా కట్టలేదు. ఫ్లాటుకు 1,450 అడుగుల చొప్పున చూస్తే 24 నెలలకు అది 18,79,200 రూపాయలు. రుసుము విషయంలో కొత్తగా కొనేవారికి సమీక్షలో మేమిచ్చిన సలహా ఇదొక్కటే: రుసుము ఎప్పటి నుంచి మొదలవుతుందో, అమ్ముడుపోని ఫ్లాట్ల వాటా ఎవరు కడతారో ఒప్పందంలో రాయించుకోండి.

బిల్డరు తేదీని మనం ఒప్పుకోకపోయినా, సభ్యులు ఒక జాగ్రత్త పాటించాలి. వారి లెక్కలో లోపాల గడువు 2028 ఆగస్టుతో ముగుస్తుంది. వాదన ఎలా తేలినా నష్టం రాకుండా, మీ ఇంటి లోపాలను ఆలోపే రాతపూర్వకంగా కార్యాలయంలో ఇవ్వండి. ఫోనులో చెప్పినవి నమోదు కావు.

ఓసీ వచ్చిన 3 నెలల్లో ఉమ్మడి స్థలాలను సంఘం పేర రిజిస్టరు చేయాలని చట్టం 17వ సెక్షన్ చెబుతున్నా, అది నేటికీ జరగలేదు. ఫైర్, లిఫ్టు అనుమతుల అసలు పత్రాలు, పైపులైన్ల నక్షాలు కూడా చేతికి రాలేదు. సంబంధిత కార్యాలయానికి కార్యవర్గం 5 సార్లు వెళ్లింది. ఒకసారి అధికారి సెలవులో ఉన్నారు, ఒకసారి సమావేశంలో ఉన్నారు, మూడుసార్లు ‘ఫైలు పరిశీలనలో ఉంది’ అన్న జవాబు వచ్చింది.

జమాఖర్చులు

ఆడిటరు సంతకం చేసిన పట్టిక అనుబంధంలో ఉంది. బిల్డరు దగ్గరున్న కార్పస్ 1,05,85,000 రూపాయల్లో 62 లక్షలు మన బ్యాంకు ఖాతాకు చేరాయి, మిగతాది వడ్డీతో సహా రావలసి ఉంది. న్యాయవాది గారి రుసుము, టైపింగు, ఉత్తరాల ఖర్చు పట్టికలోని 7వ వరుసలో చూడవచ్చు.

ఈ రోజు సభ ముందున్న తీర్మానాలు రెండు. మిగిలిన 3 బాత్రూములు, కార్పస్ బకాయి, ఉమ్మడి స్థలాల రిజిస్ట్రేషన్‌పై తెలంగాణ రెరాకు సంఘం పేర ఫిర్యాదు చేయడానికి అనుమతి మొదటిది. సమీక్షను 6 నెలలకోసారి సవరించడం రెండోది. సరిచేసిన 4 బాత్రూముల సంగతి అందులో ఇప్పటికే చేర్చాం, మిగతా మూడు పూర్తయిన రోజున వాటినీ చేరుస్తాం. ఫిర్యాదుకు ప్రతి సభ్యుని ఒప్పందం, చెల్లింపు రసీదుల నకళ్లు కావాలి. ఇప్పటికి 146 ఇళ్లలో 58 ఇళ్ల నుంచే అందాయి. మిగతావారు ఈ నెలాఖరులోగా క్లబ్‌హౌస్ గదిలోని నీలి పెట్టెలో వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి