వసారా కప్పుల విషయంలో ఈ సీజన్ నుంచి మేం మార్చిన పద్ధతి

"పెంకు ఒక్కటీ పగల్లేదండి, వేయించి ఏడాది కూడా కాలేదు. అయినా గాలివాన కొడితే వసారాలో బకెట్లు పెట్టుకుంటున్నాం. ఎందుకంటారు?"

కప్పుకు వాటం, అంటే వాలు చాలక. కోనసీమలో మా పెంకుల షాపుకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. పాత ఇంటికి ముందు స్టీలు గొట్టాలతో కొత్తగా వసారా దింపి, దాని మీద మంగళూరు పెంకులు పరిచిన ఇళ్లు ఇవి. పెంకుల్లో లోపం ఉండదు, పరిచిన మేస్త్రీ పనిలోనూ చాలాసార్లు లోపం ఉండదు. కప్పు కొలతల్లోనే తేడా.

పోయిన వానల్లో మేం చూసిన ఒక వసారా లెక్క చెబుతాను. ఇంటి గోడ దగ్గర కప్పు ఎత్తు 11 అడుగులు. ముందు స్తంభాల దగ్గర 7 అడుగులు. మధ్యలో వసారా వెడల్పు 12 అడుగులు. అంటే 12 అడుగుల దూరానికి 4 అడుగులు దిగింది, సుమారు 18 డిగ్రీలు. మంగళూరు పెంకుకు మేం అడిగే కనీస వాటం రెండు అడుగుల దూరానికి ఒక అడుగు, అంటే 26 డిగ్రీలు దాటి. గాలి తగిలే చోటైతే 30 ఉంటే ఇంకా మంచిది. పైగా 18 డిగ్రీలన్నది వాసం వాటం మాత్రమే. ప్రతి పెంకు కింది అంచు తన కిందున్న పెంకు తల మీద కూర్చుంటుంది కాబట్టి, పెంకు వాటం వాసం వాటం కంటే కొన్ని డిగ్రీలు తక్కువే. అంత పడుకుని ఉన్న పెంకు మీద నీళ్లు మెల్లగా జారతాయి. ఎదురుగాలి వస్తే ఆ నీళ్లు రెండు పెంకులు కలిసే సందులోకి, గాడి దాటి పైకి ఎక్కుతాయి. మామూలు వానకు కారదు, ఈదురుగాలికి కారుతుంది. మీ ఇంట్లోనూ ఇదే వరస అయితే పగిలిన పెంకు కోసం వెతకకండి, ముందు వాటం కొలవండి.

ఆ ఇంట్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాత పెద్ద కప్పు వాటం బాగా ఎక్కువ, దాని చూరు నీళ్లన్నీ వచ్చి ఈ తక్కువ వాటం మీదే పడతాయి. రెండు కప్పుల నీళ్లు ఒక్క వసారా మోయాలి.

పరిష్కారం అడిగారు. అంచు కిందికి దించుదామంటే 12 అడుగులకు 6 అడుగులు దిగాలి, అప్పుడు ముందు వైపు 5 అడుగులే మిగులుతుంది, మనిషి తల తగులుతుంది. వసారా వెడల్పు 8 అడుగులకు తగ్గిస్తే అదే 4 అడుగుల దింపుడు సరిపోతుంది, కానీ అప్పటికే గచ్చు వేసేశారు. మిగిలింది ఒక్కటే. పెంకుల కింద రేకు వేసి, రేకును అసలు కప్పుగా, పెంకును అందానికి అనుకోవడం. ఇది చెబితే కొందరికి నచ్చదు. ఉన్న మాట చెబుతున్నాను, 18 డిగ్రీల దగ్గర పెంకు అలంకారమే.

రేకు వేసినా ఒక జాగ్రత్త కావాలి. పెంకులు తగిలించే రీపర్లను రేకు మీద నేరుగా అడ్డంగా కొడితే ప్రతి రీపరూ చిన్న కట్టలా నీళ్లను ఆపేస్తుంది. ముందు పై నుంచి కిందికి, వాటం దిశలో పట్టీలు కొట్టి, వాటి మీద అడ్డంగా రీపర్లు కొట్టాలి. కిందికి దిగిన నీళ్లు ఆ పట్టీల మధ్య నుంచి చూరు బయటికి పోవాలి. రేకు చివర చూరు చెక్క లోపలే ఆగిపోతే ఆ చెక్క కుళ్లిపోతుంది.

ఇక రీపర్ల ఎడం. పెంకు అడుగున ఉండే కొక్కేలు రీపరుకు తగిలి నిలబడతాయి. కాబట్టి పై పెంకు కింది పెంకు మీద ఎంత ఎక్కుతుందో తేల్చేది రీపర్ల ఎడమే. మంగళూరు పెంకులకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 654 నిలువునా కనీసం 60 మిల్లీమీటర్లు, పక్కకు 25 మిల్లీమీటర్లు ఎక్కాలంటుంది. కంపెనీని బట్టి, అచ్చును బట్టి పెంకు కొలత మారుతుంది, అందుకే ఒకే ఎడం అన్నిటికీ పనికిరాదు. మేం చేసేది ఇది. వచ్చిన లోడులోంచి 11 పెంకులు తీసి, నేల మీద ఒకదానికొకటి తగిలించి వరసగా పెడతాం. గాడి వదలకుండా ఎంత లాగితే అంత లాగి, మొదటి కొక్కెం నుంచి చివరి కొక్కెం దాకా కొలుస్తాం. తర్వాత దగ్గరికి నొక్కి మళ్లీ కొలుస్తాం. ఒకసారి 3250, 3130 వచ్చాయనుకోండి. సగటు 3190, పది ఎడాలకు పంచితే 319 మిల్లీమీటర్లు. ఆ లోడుకు రీపర్ల ఎడం అదే.

చెక్క వాసాల మీదైతే ఎడం తప్పినా మేకులు పీకి సర్దుకోవచ్చు. స్టీలులో ఫ్యాబ్రికేటర్ పెంకులు రాకముందే 13 అంగుళాలకు, అంటే 330కి వెల్డింగ్ చేసేశాడంటే, పైన చెప్పిన పెంకు ఎంత లాగినా 325 దాటదు కాబట్టి గాడి అందదు. పెంకు ఊరికే పైన కూర్చున్నట్టు కనిపిస్తుంది. లోపల నిలబడి చూస్తే ప్రతి వరసలోనూ సన్నని వెలుతురు గీతలు కనిపిస్తాయి. అప్పుడు వెల్డింగులన్నీ గ్రైండర్‌తో కోయడం తప్ప దారి లేదు, ఆ ఖర్చు చూసి చాలామంది అలాగే వదిలేస్తున్నారు. పాత పెంకుల మధ్య కొత్త కంపెనీ పెంకులు కలిపినా ఇదే తంటా, గాడులు కలవవు. మార్చాలంటే పాత పెంకు ఒకటి మా షాపుకు తీసుకురండి, అదే అచ్చు ఉంటేనే ఇస్తాం.

గోడకు కప్పు ఆనే చోటు స్టీలు కప్పుల్లో మొదట కారేది. సిమెంటు పూసి వదిలేస్తారు. పది మీటర్ల స్టీలు గొట్టం 40 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది, గోడ అంత సాగదు. ఒక్క ఎండాకాలం చాలు, సిమెంటు వెంట్రుకవాసి పగులు ఇస్తుంది. గోడలో అంగుళం లోతు గాడి కోసి, అల్యూమినియం రేకు అంచు అందులో దూర్చి, మిగతాది పెంకుల మీదికి వంచాలి. గోడకు రేకును బిగించాలి, పెంకులకు కాదు.

వెన్ను మీద రిడ్జ్ పెంకుల కింద కూడా మాలులో సిమెంటు వంతు ఎక్కువైతే అదే పగులు.

ఇక మా పని సంగతి. ఈ సీజన్ నుంచి రెండుకు ఒకటి కంటే తక్కువ వాటం ఉంటే కింద రేకు లేకుండా పెంకు పని ఒప్పుకోం. స్టీలు ఫ్రేమ్ అయితే పెంకులు సైటుకు వచ్చి, 11 పెంకుల కొలత అయ్యాకే రీపర్ల వెల్డింగ్ మొదలుపెట్టమంటాం. ఫ్యాబ్రికేటర్ మీవాడైనా సరే. పెంకుల మీద వాటర్‌ప్రూఫ్ పెయింట్ పని మానేశాం, గాలి తోసే నీటిని అది ఆపదు. వీటి వల్ల ఇప్పటికే కొన్ని ఆర్డర్లు పక్క షాపులకు పోయాయి, తెలుసు. తుఫాన్ల కాలం అక్టోబరు, నవంబరు కాబట్టి రేకు పనులు సెప్టెంబరు లోపు ముగించేలా తీసుకుంటాం. వాన పడుతుండగా కప్పు ఎక్కం.

మమ్మల్ని పిలిచే ముందు ఎండ రోజున ఒక పరీక్ష చేయండి. ఒకరు లోపల నిలబడండి, ఇంకొకరు పైపుతో చూరు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో వరసకు పది నిమిషాలు నీళ్లు పోస్తూ పైకి వెళ్లండి. పై నుంచి కిందికి పారేలా పోయండి, కింది నుంచి ఎదురు కొట్టకండి. నీళ్లు రీపరు వెంట, వాసం వెంట పాకి దూరంగా బొట్టు పడతాయి, అందుకే బొట్టు పడ్డ చోటు కారే చోటు కాదు. ఏ వరసకు తడి మొదలైందో సుద్దముక్కతో గుర్తు పెట్టి, గోడ దగ్గరి ఎత్తు, స్తంభాల దగ్గరి ఎత్తు, మధ్య దూరం, ఈ మూడు కొలతలు ఫోటోతో పాటు వాట్సాప్ చేస్తే, మనిషిని పంపకుండానే పని ఎంతో చెప్పగలం.