అనుస్వారం స్థానంలో అంకె సున్న: మీ తెలుగు ఓసీఆర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం అధికారి గారికి,

విషయం: సెర్చబుల్ పీడీఎఫ్‌లో తప్పు అక్షరాలు, అడగకుండా పదాలు మార్చడం గురించి.

అయ్యా,

పాత అచ్చు పుస్తకాలను, వార్షిక నివేదికలను డిజిటైజ్ చేయడానికి మా గ్రంథాలయం మీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ తీసుకుంది. పేజీలు చూడటానికి చక్కగానే వస్తున్నాయి. వాటిలో వెతకబోతే మాత్రం ఏమీ దొరకడం లేదు. ఒక నివేదికలో దాదాపు ప్రతి పేజీలోనూ కనిపించే ‘సంఘం’ అనే మాట కోసం వెతికితే ‘ఫలితాలు లేవు’ అని వచ్చింది.

ఆ మాటను పీడీఎఫ్ నుంచి కాపీ చేసి టెక్స్ట్ ఎడిటర్‌లో పెట్టి చూశాం. అందులో ఉన్నది పూర్ణానుస్వారం (U+0C02) కాదు, తెలుగు అంకె సున్న (U+0C66). చాలా ఫాంట్లలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ప్రూఫ్ చూసేవాళ్ల కంటికి ఆనవు. పైగా సెర్చబుల్ పీడీఎఫ్‌లో కనిపించేది స్కాన్ బొమ్మే, గుర్తించిన పాఠం దాని వెనక దాగి ఉంటుంది. చదివేవారికి అచ్చు సరిగ్గానే కనిపిస్తుంది, వెతికేవారికి మాత్రం ఆ పుస్తకంలో ఆ మాటే లేదు. మా నివేదికల్లో అంకెలన్నీ 1, 2, 3 అనే అచ్చయ్యాయి. అలాంటి పాఠంలో ‘౦’ ఒక్కచోట వచ్చినా అది తప్పే. దాన్ని పట్టుకోవడం మీ సాఫ్ట్‌వేర్‌కు ఏమంత కష్టం?

ఈ సంగతి రాస్తే, 600 డీపీఐలో మళ్లీ స్కాన్ చేయమని మీ విభాగం జవాబిచ్చింది. ద, ధ, థల మధ్య తేడా చిన్న గీత, చుక్క మాత్రమే. అవి మసకబారినప్పుడు, ఒత్తులు చెదిరినప్పుడు ఆ సలహా పనికొస్తుంది. ఇక్కడ బొమ్మలో లోపం లేదు. రెండు గుర్తుల ఆకారమూ ఒకటే అయినప్పుడు ఎంత నిశితంగా స్కాన్ చేసినా తేడా తెలియదు. పక్కన ఏముందో చూసి తేల్చాలి. ముందు తెలుగు అక్షరమో గుణింతపు గుర్తో ఉంటే అది అనుస్వారం, అంకె ఉంటే సున్న. విడి టెక్స్ట్ ఫైళ్లను మేము ఈ ఒక్క వరుసతో సరిచేసుకుంటున్నాం:

```python
text = re.sub(r'(?<=[\u0C05-\u0C5A])\u0C66', '\u0C02', text)
```

‘స౦ఘ౦’ దీనితో ‘సంఘం’ అవుతుంది, ‘౧౦’ మాత్రం చెక్కుచెదరదు. కానీ పీడీఎఫ్‌లో దాగిన పాఠాన్ని మార్చే దారి మీ సాఫ్ట్‌వేర్‌లో లేదు. ప్రతి పదం పేజీలో ఎక్కడుందో చెప్పే hOCR ఫైలునైనా మీరు ఇవ్వడం లేదు. అది ఉంటే పాఠం దిద్ది పీడీఎఫ్‌ను మళ్లీ కట్టుకునేవాళ్లం. ఉచితంగా దొరికే టెసరాక్ట్ కూడా `tesseract page.tif page -l tel hocr` అంటే ఆ ఫైలు ఇస్తుంది.

ఇంతకంటే బాధ కలిగించినది కొత్త వెర్షన్‌లోని ఆటో కరెక్ట్. అచ్చులో ‘మ’, ‘వు’ దగ్గరి పోలికతో ఉంటాయి, అందుకే ‘నియమం’ కాస్తా ‘నియవుం’ అయిపోతుంటుంది. దాన్ని దిద్దాలనుకోవడం సబబే. కానీ పాత పుస్తకాల్లో ‘ఉండెను’ను ‘వుండెను’ అని అచ్చువేయడం మామూలు. మీ ఆటో కరెక్ట్ దాన్ని తప్పనుకుంది. ‘గదిలో దీపము వుండెను’ అన్న వాక్యం మా ఫైల్లో ‘గదిలో దీపము మండెను’ అయింది. అర్థమే మారిపోయింది. ‘మండెను’ కూడా మంచి తెలుగు మాటే కాబట్టి స్పెల్‌చెక్‌కు దొరకదు, వాక్యమూ అతికినట్టే ఉంది కాబట్టి మూలం పక్కన పెట్టుకుని చదివితే తప్ప మనిషికీ దొరకదు. ‘నియవుం’ లాంటి తప్పును చూడగానే పట్టుకుంటాం. ఇలాంటిదాన్ని ఎలా పట్టుకోవాలి? రచయిత రాయని మాటను ఆయన పుస్తకంలోకి ఎక్కించే హక్కు మీకూ లేదు, మాకూ లేదు. ఏ పదం ఎక్కడ మారిందో చెప్పే జాబితా కూడా మీరు ఇవ్వడం లేదు.

కాబట్టి ఆటో కరెక్ట్‌ను మేము కోరితే తప్ప పనిచేయకుండా ఆపి ఉంచండి. అది మార్చిన ప్రతి పదాన్నీ మూల రూపంతో సహా చూపించండి. అనుస్వారం, అంకె సున్నల తేడాను ఎగుమతికి ముందే సరిచేయండి. hOCR ఎగుమతి కల్పించండి. ఇప్పటికే తయారైన పీడీఎఫ్‌లలోని పాఠాన్ని, మళ్లీ స్కాన్ చేయనక్కర లేకుండా, దిద్దే ఏర్పాటు కూడా చేయండి. ఆ బొమ్మల్లో కొన్నింటి అసలు పుస్తకాలు మళ్లీ స్కానర్ మీద పెడితే పొడైపోయే స్థితిలో ఉన్నాయి.

వీటిలో ఏది ఎప్పటికి చేస్తారో 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపండి. చేయలేమంటే లైసెన్స్ రద్దు చేసి, మిగిలిన కాలానికి రుసుము వాపసు ఇవ్వండి. నమూనా పేజీలు, వాటి నుంచి వచ్చిన పాఠం, మేము దిద్దిన పాఠం ఈ లేఖకు జతచేస్తున్నాం.

ఇట్లు,
డిజిటైజేషన్ బాధ్యులు,
గ్రంథాలయం తరఫున