అటవీ హక్కుల గ్రామసభ తీర్మానం: ఆదివారం మళ్లీ చదువుతాము

గ్రామసభ సభ్యులందరికీ నమస్కారం.

నిన్నటి సభ కార్యవాహి తీర్మానాల పుస్తకంలో ఎక్కింది. మన గ్రామసభలో 240 మంది పెద్దలున్నందున కోరానికి సగం, అంటే 120 మంది, వచ్చినవారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి; 126 మంది హాజరయ్యారు, వారిలో 51 మంది స్త్రీలు. హక్కు కోరినవారిలో సగం మందైనా, లేదా వారి ప్రతినిధులైనా, ఉండాలన్న నిబంధన కూడా నెరవేరిందని మొదటి పేరాలోనే రాశాము, ఎందుకంటే ఈ లెక్క లేని తీర్మానాన్ని సబ్‌డివిజన్ కమిటీ తిప్పి పంపవచ్చు.

అయితే తొమ్మిది వేలిముద్రల పక్కన పేర్లు లేవు. ఆ ముద్రలు వేసినవారు ఆదివారం ఉదయం 9 గంటలకు పంచాయతీ కార్యాలయానికి వస్తే, సాక్షుల ఎదుట పేర్లు రాయిస్తాము. సభకు రానివారు దయచేసి ఇప్పుడు సంతకం చేయవద్దు. అలాంటి ఒక్క సంతకం మొత్తం హాజరునే అనుమానంలో పడేస్తుంది.

అదే రోజు ప్రతి తీర్మానాన్నీ బిగ్గరగా చదువుతాము. మీ భూమి విస్తీర్ణం, నాలుగు హద్దులు, ప్రతిపాదించినవారి, బలపరిచినవారి పేర్లు జాగ్రత్తగా వినండి. తప్పుంటే కొట్టివేసి, పక్కన అధ్యక్షులు, కార్యదర్శి సంతకం చేస్తారు. ఖాళీ వరుసలకు అడ్డగీత గీస్తాము.

హక్కు దరఖాస్తు రసీదు వెంట తెచ్చుకోవడం మరువకండి.

— అటవీ హక్కుల కమిటీ కార్యదర్శి