పెళ్లికి ముందు రాసిన నామినేషన్ చూపించి నా భర్త పీఎఫ్ వేరొకరికి చెల్లించడంపై ఫిర్యాదు

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి, కంపెనీ పీఎఫ్ ట్రస్టు కార్యదర్శి గారికి,

నమస్కారం. మీ ప్లాంటులో ఫిట్టర్‌గా పనిచేస్తూ 2024 ఆగస్టులో చనిపోయిన ఉద్యోగి భార్యను నేను. ఆయన యూఏఎన్ వివరాలు, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఈ లేఖకు జత చేశాను.

ఆయన పీఎఫ్ ఖాతాలోని 9,60,000 రూపాయలు మా మరిదికి చెల్లించాలని ట్రస్టు నిర్ణయించిందని మీ ఆఫీసులో చెప్పారు. "రికార్డులో నామినీ ఆయనే. అభ్యంతరం ఉంటే కోర్టుకెళ్లి వారసత్వ సర్టిఫికెట్ తెచ్చుకోండి" అన్నారు. మా మరిది తనంతట తాను అడగలేదు, మీరు పిలిచి క్లెయిమ్ మీద సంతకం పెట్టించారు. నా గొడవ ఆయనతో కాదు, మీ నిర్ణయంతో.

మీరే నాకిచ్చిన ఫారం 2 జిరాక్సు ఒకసారి చివరిదాకా చదవండి. నా భర్త 2010లో, ఉద్యోగంలో చేరినప్పుడు నింపిన కాగితం అది. అప్పటికి ఆయనకు పెళ్లి కాలేదు. మామగారు ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి తల్లిదండ్రులు ఈయన మీద ఆధారపడి లేరు. అందుకే తమ్ముడి పేరు రాశారు. కానీ అదే ఫారంలో, నామినీ పేరు కింద, తనకు ప్రస్తుతం కుటుంబం లేదని, ఇకముందు కుటుంబం ఏర్పడితే ఈ నామినేషన్ రద్దయినట్టే భావించాలని ఉంది. దాని కింద ఆయన సంతకం ఉంది. మా పెళ్లి 2013లో జరిగింది. మీరు పట్టుకున్న నామినేషన్ ఆ రోజే చెల్లకుండా పోయింది.

ఇది ఫారంలో ఊరికే అచ్చేసిన మాట కూడా కాదు. 1952 నాటి ఈపీఎఫ్ స్కీమ్ 61వ పేరా ఇదే చెబుతోంది. కుటుంబం ఉన్న సభ్యుడు కుటుంబంలోని వారినే నామినీగా పెట్టాలి. ఆ స్కీమ్ ప్రకారం మగ సభ్యుడి కుటుంబం అంటే భార్య, పిల్లలు, ఆయన మీద ఆధారపడిన తల్లిదండ్రులు, చనిపోయిన కొడుకు ఉంటే అతని భార్య, పిల్లలు. తమ్ముడు అందులో లేడు. ట్రస్టు కంపెనీదే అయినా ఈ నియమాలకు లోబడి నడవాల్సిందే.

చెల్లే నామినేషన్ లేనప్పుడు 70వ పేరా ప్రకారం సొమ్ము కుటుంబ సభ్యులకు సమానంగా పంచాలి. మా కుటుంబంలో ఇప్పుడు నేను, పదేళ్లు నిండని మా పాప, బాబు, మామగారు పోయాక నా భర్త జీతం మీదే బతికిన మా అత్తగారు ఉన్నాం. ఒక్కొక్కరికి 2,40,000 రూపాయలు వస్తాయి. మొత్తం నాకే ఇవ్వమని నేను అడగడం లేదు. అత్తగారి వాటా అత్తగారికే చేరాలి. కుటుంబం కళ్లెదుట ఉండగా ఈ పంపకానికి కోర్టు సర్టిఫికెట్ అడగడానికి ఆధారం ఏమిటో రాతపూర్వకంగా చెప్పండి. నామినీ అంటే హక్కుదారు కాడు, సొమ్ము అందుకునే మనిషి మాత్రమేనని సుప్రీంకోర్టు కూడా 2009లో ఒక ఉద్యోగి పీఎఫ్ గొడవలోనే చెప్పింది. పెళ్లికి ముందు తల్లిని నామినీగా రాసిన ఆ కేసులో భార్యకు కూడా వాటా దక్కింది.

ఇంతకంటే బాధ కలిగించింది పెన్షన్ విషయం. నామినీ సంగతి తేలేదాకా ఫారం 10డి మీద సంతకం పెట్టం అన్నారు. పీఎఫ్‌కీ దీనికీ ముడి పెట్టడం ఏ రకంగా న్యాయం? 1995 నాటి పెన్షన్ స్కీమ్ 16వ పేరా కింద ఉద్యోగంలో ఉండగా సభ్యుడు చనిపోతే పెన్షన్ భార్యకు, పిల్లలకు వస్తుంది. కుటుంబం ఉంటే నామినేషన్ ప్రసక్తే లేదు. అక్కడ మా మరిది పేరున్నా లేకున్నా తేడా రాదు. మరణించిన మర్నాటి నుంచే వితంతు పెన్షన్ లెక్కకు వస్తుంది. దానిలో 25 శాతం చొప్పున ఇద్దరు పిల్లలకూ 25 ఏళ్లు వచ్చేదాకా వస్తుంది. మీరు ఫారం పంపకపోవడం వల్ల ఆ నెలలన్నీ బకాయిగా పేరుకుపోతున్నాయి. పాప స్కూలు ఫీజు అప్పు చేసి కట్టాను.

కాబట్టి మరిదికి చెల్లింపును ఆపండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, చెల్లని నామినేషన్ మీద ఇచ్చినందుకు ఆ బాధ్యత ట్రస్టుదే. కుటుంబ సభ్యుల క్లెయిమ్ ఫారాలు తీసుకుని, పిల్లల వాటాను వాళ్ల తల్లిగా, సంరక్షకురాలిగా నా ద్వారా జమ చేయండి. ఫారం 10డిని కంపెనీ ధ్రువీకరణతో ఈ వారంలోనే పీఎఫ్ కార్యాలయానికి పంపి, దాని నకలు నాకివ్వండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఇవే పత్రాలతో EPFiGMS పోర్టల్‌లోనూ, ప్రాంతీయ పీఎఫ్ కమిషనర్ గారికీ ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మరణించిన ఉద్యోగి భార్య

జత: ఫారం 2 నకలు, వివాహ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు